పడవలో రాయి: ‘తనంత’ అంటే ఎంత?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లాలో హైస్కూలు. గోడపత్రికకి ఒక చిన్న కథ కావాలి. చిక్కు ప్రశ్న ఒకటి స్నేహితురాలికి వివరిస్తూ, తనకే అది సరిగ్గా తెలీదని ఒక అమ్మాయి కనిపెట్టాలి. ‘పడవలో ఉన్న రాయిని చెరువులో వేస్తే నీటిమట్టం ఏమవుతుంది’ అన్న ప్రశ్న పెడదామనుకుంటున్నాను. పొరపాటు ఎక్కడ పెడితే బావుంటుంది? తర్వాత క్లాసులో చేసి చూపించడానికి వీలవుతుందా?

జవాబు:

పొరపాటుని జవాబులో పెట్టకండి. నీటిమట్టం తగ్గుతుందన్న సంగతి గైడ్లలో ఉంటుంది, పిల్లలు బట్టీ పట్టేసి ఉంటారు. తప్పు జవాబు చెప్పిన పిల్లని ఇంకో పిల్ల సరిదిద్దితే అది దిద్దుబాటే అవుతుంది తప్ప కథ అవదు. జవాబు సరిగ్గానే ఉండాలి, దాని వెనక కారణం మాత్రం పుచ్చిపోయి ఉండాలి.

ఈ ప్రశ్నలో పుచ్చు ఉండే చోటు దాదాపు ఎప్పుడూ ఒకటే. అది కూడా ఒక్క తెలుగు మాటలో దాక్కుని ఉంటుంది: ‘తనంత’. నీళ్ళలో ఉన్న వస్తువు తనంత నీటిని తొలగిస్తుందని పిల్లలు చెప్పుకుంటారు. తనంత బరువున్న నీటినా, తనంత పరిమాణమున్న నీటినా? తేలే వస్తువుకి మొదటిది నిజం, పూర్తిగా మునిగిన వస్తువుకి రెండోది నిజం. పాఠంలో తేలేవాటి లెక్కలు ఒక చోట, మునిగేవాటివి ఇంకో చోట వస్తాయి కాబట్టి ఒకే మాటతో రెండు చోట్లా నెట్టుకొచ్చేయొచ్చు, మార్కులూ వస్తాయి. ఒకే రాయి ముందు తేలే పడవలో భాగంగా, తర్వాత మునిగిన రాయిగా కనిపించేది ఈ ప్రశ్నలోనే. అందుకే మీరు ఎంచుకున్న ప్రశ్న మంచిదే.

కథ ఇలా నడపండి. పేర్లు, యాస మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

*

మర్నాడు పరీక్ష. గౌరి వాళ్ళ నానమ్మ కొట్టు ముందు అరుగు మీద పైడి పుస్తకం ఒళ్ళో పెట్టుకుని అరగంట నుంచి ఒకే పేజీ చూస్తోంది.

“ఇందులో ఏటుందే?” అంది గౌరి. “చెరువులో పడవ. పడవలో రాయి. ఆ రాయి తీసి చెరువులో పడేసేం. నీళ్ళు పెరుగుతాయా, అలగే ఉంటాయా, తగ్గుతాయా అని అడిగేరు. తగ్గుతాయి. ‘సి’కి టిక్కు పెట్టి ఒగ్గీ. మొన్న నాకు మార్కొచ్చింది.”

“తగ్గుతాయని ఎలగ తెలుస్తాది?”

“రాయి బరువు దిగిపోయింది కదా, పడవ పైకి లేస్తాది. పడవ లేస్తే నీళ్ళు కిందకి దిగుతాయి.”

పైడి తలూపింది. పెన్సిలు కూడా ఎత్తింది. మళ్ళీ దించేసింది. “రాయి బదులు కొబ్బరికాయ పడేస్తే?”

“అయినా అంతే. పడవ తేలికైపోద్ది కదా.”

“కొబ్బరికాయ నీళ్ళలో తేల్తాది కదే. పడవలో ఉన్నా తేలుతున్నట్టే, బయట ఉన్నా తేలుతున్నట్టే. దానికి నీళ్ళు ఎందుకు తగ్గాలి?”

గౌరి విసుక్కుంది. “కొబ్బరికాయ మన సిలబస్‌లో నేదు. రాయి సంగతి సూడు.”

“సరే, రాయే. పడవలోంచి తీసేసేక రాయి ఎటెళ్ళింది?”

“అడుక్కి.”

“నీళ్ళలోకే కదా. అక్కడ అది నీళ్ళని నెట్టదా?”

“నెడతాది. తనంత నీటిని తొలగిస్తాది. ఆర్కిమెడిస్.”

“పడవలో ఉన్నప్పుడో?”

“అప్పుడూ తనంతే.”

పైడి పుస్తకం వెనక అట్ట లోపల రెండు గీతలు గీసింది. ఒకటి కిందకి, ఒకటి పైకి. “అలగైతే పడవలోంచి తీసినప్పుడు తనంత తగ్గింది, నీళ్ళలో ఏసినప్పుడు తనంత పెరిగింది. లెక్క సమానమైపోయింది. ‘బి’ అవ్వాలి కదా?”

“కాదే,” అంది గౌరి. ఆ తర్వాత ఏం చెప్పాలో తెలీలేదు. పుస్తకం లాక్కుని పాఠంలో పెట్టె కట్టి ఉన్న సూత్రం తీసింది. నోటికొచ్చినదే. వస్తువు మీద పనిచేసే ఉత్ప్లవన బలం, అది తొలగించిన ద్రవం బరువుకి సమానం. ఇంకోసారి చదివింది. అందులో ‘తనంత’ అన్న మాట ఎక్కడా లేదు. ఆ మాట ఎవరు కలిపారో తనకే గుర్తులేదు.

“ఇంతకీ ఏ రాయే?” అంది పైడి. “క్వారీ రాయా, తూకం రాయా?”

“ఏ రాయైతే ఏటి?” అంటూనే గౌరి కొట్టులోకి చూసింది. తక్కెడ పక్కన అరకిలో తూకం రాయి ఉంది. పేరుకి రాయే కానీ ఇనుము. కొట్టు తలుపు వెనక్కి పడిపోకుండా అడ్డం పెట్టిన గ్రానైటు ముక్క కింద ఉంది. గౌరి రెండూ తీసి చెరో పళ్ళెంలో పెట్టింది. ముల్లు కాస్త ఊగి మధ్యలో నిలబడింది.

గౌరి రెండింటినీ చెరో చేతిలోకి తీసుకుంది. ఇనుప రాయి మీద వేళ్ళు ముడుచుకున్నాయి, రాయి కనిపించలేదు. గ్రానైటు ముక్కకి వేళ్ళు సరిపోలేదు.

“ఇది తనంత,” అంది ఎడం చెయ్యి ఎత్తి. కుడి చెయ్యి ఎత్తి, “ఇది కూడా తనంతే,” అంది. మళ్ళీ తక్కెడ కేసి చూసింది. “తక్కెడకి రెండూ ఒకటే. పడవకీ ఒకటే, దానికి బరువు తప్ప ఏటీ తెలీదు. అరకిలో పెడితే అరకిలో నీళ్ళు పక్కకి నెట్టాలి, లేపోతే మునిగిపోద్ది. నీళ్ళలో పడ్డాక బరువుతో పని నేదు. ఎంత చోటు ఆక్రమిస్తే అంత నీళ్ళు.” కాసేపు ఆగి, “పైడీ, నాను రెండు తనంతల్ని కలిపి ఒకటి చేసీసేను” అంది.

“అయితే ఏదే? ‘బి’యా, ‘సి’యా?”

“సీయే. అరకిలో రాయి నీళ్ళలో అరలీటరు చోటు తినదు. తింటే అది మునగదు కదా.”

నమ్మకం కుదరక బట్టలుతికే టబ్బు తెచ్చి సగం నింపారు. అందులో స్టీలు గిన్నె తేలేసి, గిన్నెలో గ్రానైటు ముక్క పెట్టి, నీళ్ళు ఆగాక టబ్బు గోడ మీద పెన్నుతో గీత పెట్టారు. రాయి తీసి నీళ్ళలో వదిలారు. మట్టం గీత దగ్గరే ఉంది.

“సూడు,” అంది పైడి. “బి.”

గౌరి మొహం మాడిపోయింది. టబ్బు చుట్టూ ఒకసారి తిరిగింది. “ఇంత వెడల్పు టబ్బులో ఒక గ్లాసు నీళ్ళు పోస్తే ఎంత లేస్తాదే?” అని, వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి పోసింది. అప్పుడు కూడా మట్టం కదిలినట్టు కనిపించలేదు.

వెల్ల వేసినప్పుడు మిగిలిన పెయింటు డబ్బా పెరట్లో ఉంది. ఈసారి దాన్ని నింపి, లోపల పక్కన స్కేలు నిలబెట్టారు. గ్రానైటు ముక్క గిన్నెలో ఉన్నప్పుడు ఒక అంకె చూసుకున్నారు. నీళ్ళలోకి దించాక మట్టం ఏడు గీతలు కిందకి దిగింది. పైడి ఏడూ వేలితో లెక్కపెట్టింది. గ్రానైటు బయటికి తీసి, నీళ్ళు డబ్బాలోకే కారనిచ్చి, గిన్నెలో ఇనుప రాయి పెడితే మట్టం సరిగ్గా మొదటి అంకె దగ్గరికే వచ్చింది. అది దించాక తొమ్మిది గీతలు దాటి దిగింది.

“తూకం రాయి నీల్లల్లో ఎయ్యకండే, తుప్పడతాది!” అని కొట్టులోంచి నానమ్మ అరిచింది.

“తుడిచిచ్చేస్తాం మామ్మా,” అంది పైడి.

రాత్రి పుస్తకాలు సర్దుతుంటే గౌరి సంచిలో మొన్నటి పరీక్ష కాగితం దొరికింది. ‘సి’ పక్కన టిక్కు, దాని పక్కన ఎర్ర సిరాతో ఒక మార్కు. కారణం రాయమని ఆ ప్రశ్నలో అడగలేదు.

*

కథలో ఉన్న అంకెలు క్లాసులో కూడా దాదాపు అవే రావాలి. గ్రానైటు సాంద్రత ఘన సెంటీమీటరుకి సుమారు 2.7 గ్రాములు. కాబట్టి 500 గ్రాముల ముక్క 185 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటుంది. పడవలో ఉన్నప్పుడు అదే ముక్క కోసం గిన్నె 500 మిల్లీలీటర్ల నీటిని అదనంగా తొలగించాలి. తేడా 315. పెయింటు డబ్బా అడ్డం నీటిమట్టం దగ్గర 24 సెంటీమీటర్లుంటే వైశాల్యం 452 చదరపు సెంటీమీటర్లు, 315ని దానితో భాగిస్తే 0.7 సెంటీమీటరు. అవే ఆ ఏడు గీతలు. తూకం రాళ్ళు పోత ఇనుముతో చేస్తారు, సాంద్రత 7.2 వేసుకోండి. అరకిలోకి 70 మిల్లీలీటర్లు, తేడా 430, మట్టం 9.5 మిల్లీమీటర్లు దిగాలి. 60 సెంటీమీటర్ల అడ్డం ఉన్న టబ్బులో గ్రానైటుకి వచ్చే తేడా 1.1 మిల్లీమీటరే. పెన్ను గీత మందం, నీటి అల అందులో సగం తినేస్తాయి. టబ్బులో ఓడిపోయే ఘట్టాన్ని అందుకే కథలో ఉంచాను. క్లాసులో ఎవరో ఒకరు పెద్ద పాత్ర తెస్తారు, ఏమీ మారలేదంటారు. అప్పుడు కథ గుర్తుచేస్తే చాలు.

గిన్నె అడుగు చదునుగా, అడ్డం 14 సెంటీమీటర్లు, లోతు 8 సెంటీమీటర్లు ఉంటే సరిపోతుంది. అరకిలో పెట్టాక దాదాపు సగం మునుగుతుంది. రాయిని గిన్నె నడిమధ్య పెట్టాలి, ఓ పక్కకి జరిగితే గిన్నె ఒరిగి లోపలికి నీళ్ళొస్తాయి. ఆ తర్వాత వచ్చే అంకెలన్నీ చెత్తే. రాయి నీళ్ళలోకి దించేటప్పుడు ఎక్కువమంది చేసే తప్పు ఏమిటంటే, చెయ్యి నీళ్ళలో ఉండగానే స్కేలు చూడడం. మణికట్టు దాకా మునిగిన చెయ్యి తక్కువ నీటిని లేపదు. రాయికి సన్నని దారం కట్టి దించి, అడుగుకి చేరాక దారం డబ్బా అంచు మీద వదులుగా వదిలేయండి. పైనుంచి పడేస్తే చిందిన నీళ్ళు కూడా ‘తగ్గిన మట్టం’ లెక్కలో కలిసిపోతాయి. అప్పుడు జవాబు సరైనదే వస్తుంది, కారణం దొంగది అవుతుంది. గౌరి పరీక్ష కాగితం లాగానే.

రాయి గట్టిది చూసుకోండి. టెక్కలి వైపు గ్రానైటు ముక్కలకి కరువులేదు కాబట్టి మీకు ఇబ్బంది ఉండకపోవచ్చు. ఇటుక ముక్క వద్దు. నీళ్ళు పీల్చుకుంటూ బుడగలు వదుల్తుంది, మట్టం ఒకచోట నిలవదు. బరువుగా ఉంది కదా అని బుడితి ఇత్తడి చెంబు తెచ్చి రాయి బదులు దించే పిల్లలుంటారు. బోర్లా పడితే లోపల గాలి చిక్కుకుని తీసుకునే చోటు పెరిగిపోతుంది, అంకె మోసం చేస్తుంది. ఇత్తడే కావాలంటే బోలు లేని గట్టి ముక్క వెతకండి. కొబ్బరికాయ సంగతి కథలో మాటలకే పరిమితం చేశాను, ఎందుకంటే 24 సెంటీమీటర్ల డబ్బాలో గిన్నె పక్కన అది పట్టదు, గోడకి ఒరుసుకుంటుంది. చేసి చూపించాలంటే వడ్రంగి దగ్గర నుంచి 7, 8 సెంటీమీటర్ల చెక్కదిమ్మ ఒకటి తెచ్చుకోండి. గిన్నెలో ఉన్నా, పక్కన తేలినా మట్టం మారదు.

ఆ కొబ్బరికాయ ప్రశ్న కథలోంచి తీసేయకండి. గౌరి మొదట చెప్పిన కారణం, ‘బరువు దిగింది, పడవ లేచింది, కాబట్టి నీళ్ళు తగ్గాయి’ అన్నది, సగం నిజం. పడవ లేచిన మాట వాస్తవమే. ఆ కారణమొక్కటే చాలితే కొబ్బరికాయ వేసినా నీళ్ళు తగ్గాలి. తగ్గవు. పైడి దాన్ని ముందే చూపించింది, గౌరి సిలబస్ పేరు చెప్పి తోసేసింది. తన కారణం తప్పని తెలిసే మొదటి అవకాశం అక్కడే పోగొట్టుకుంది. ఇది కథలో ఎవరూ పైకి చెప్పకూడదు, చదివేవాళ్ళే పట్టుకోవాలి. పైడిని మొద్దుగా రాసినా, చివర్లో మాస్టారు వచ్చి వివరించినా కథ పాడైపోతుంది.

క్లాసులో చురుకైన పిల్ల ఒకతె లేచి, ‘రాయిని దారంతో పడవ కిందే వేలాడదీస్తే?’ అని అడగొచ్చు. అడక్కపోతే మీరే అడగండి. అప్పుడు రాయి పూర్తిగా నీళ్ళలోనే ఉంటుంది, కాబట్టి తగ్గాలంటారు చాలామంది. తగ్గదు. దారం చివర ఉన్నంతసేపు రాయిని మోస్తున్నది పడవే. రాయి తన చోటు కొద్దీ 185 తొలగిస్తుంది, మిగతా 315 గ్రాముల లాగుడుకి గిన్నె ఇంకో 315 తొలగిస్తుంది. మొత్తం 500, ముందున్నదే. గిన్నె మాత్రం రాయి లోపల ఉన్నప్పటికంటే కాస్త పైకి తేలుతుంది, పిల్లలు దాన్ని చూసి మట్టం మారిందనుకోకుండా స్కేలే చూడమనండి. చూపించడానికి గిన్నెకి రెండు చెవులుంటే మంచిది, రెండు వైపులా దారం కట్టి మధ్యలో రాయి వేలాడదీయొచ్చు. డబ్బాలో నీళ్ళు తగినంత లోతుండాలి, రాయి అడుగుకి తగలకూడదు.

ఇప్పుడు దారాన్ని కొంచెం కొంచెం వదలండి. రాయి వేలాడుతూ కిందకి దిగుతున్నంతసేపు మట్టం కదలదు. అడుగుకి ఆనుకుని దారం వదులైన క్షణంలో ఏడు గీతలూ దిగిపోతుంది. గిన్నె వదిలేసిన ఆ 315 గ్రాముల బరువుని ఇప్పుడు డబ్బా అడుగు మోస్తోంది, అడుగు మోసే బరువుకి నీళ్ళు తొలగించక్కర్లేదు. ఇది చూశాక ‘తగ్గిన నీరు ఎటు పోయింది’ అని అడిగేవాళ్ళకి డబ్బా అడుగు చూపించొచ్చు.